మంచికీ చెడుకీ మీ ఇల్లే

ఏలూరులో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఎంతమంది, ఏం పని, నీళ్ళు ఎక్కువ వాడతారా, నీసు రోజూ వండుతారా. మేము కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్ళం. నీసు వండం అని చెబితే నమ్మేంత తెలివితక్కువ వాళ్ళు ఏలూరులో లేరు. ఆ ప్రశ్నలన్నిటికీ మా ఆయన చేతులు కట్టుకుని జవాబులు చెప్పేవాడు. అంతా అయ్యాక, గుమ్మం బయట అరుగు మీద కూర్చుని ఆయాసపడుతున్న మా అత్త వైపు చూసి, మహా మర్యాదగా ఆఖరి ప్రశ్న వేసేవారు.

"పెద్దావిడకి ఒంట్లో బాగానే ఉంటుందాండీ?"

ఆ ప్రశ్న అత్త ఆరోగ్యం గురించి కాదు. అద్దెకున్నవాళ్ళ ఇంట్లో ఎవరూ పోకూడదు. అది మా వైపు రాసిపెట్టని చట్టం. ఆస్పత్రిలో పోయినా సరే, శవాన్ని గేటు దాటి లోపలికి రానివ్వరు. రోడ్డు మీద బల్ల వేసి, దాని మీద పడుకోబెట్టి, వచ్చిన చుట్టాలు ఎండలో నిలబడి ఏడ్చి, అటునుంచి అటే తీసుకుపోవాలి. అలాంటివి నేను చాలా చూశాను. అందుకని మంచాన పడేలా ఉన్న మనిషి ఇంట్లో ఉందంటే ఇల్లు ఇవ్వరు. "మా తమ్ముడు అడుగుతున్నాడండీ, వాడికి చెప్పి మీకు కబురు చేస్తాం" అంటారు. కబురు రాదు.

మా అత్తకి గుండె జబ్బు. కాళ్ళు వాచిపోయేవి, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఆవిడకి చావంటే భయం లేదు గానీ ఎక్కడ పోతానో అన్న బెంగ మాత్రం ఉండేది. దానికి కారణం ఉంది. మా మామగారు కొల్లేట్లో చేపల చెరువు గట్టు మీద, కాపలా పాకలో పోయాడు. ఆ రాత్రంతా ఆయన్ని మేత బస్తాల మీద పడుకోబెట్టారు. తెల్లారి చూస్తే ఒళ్ళంతా తవుడు. కడిగితే ముద్దలు ముద్దలుగా వచ్చిందట. "మనిషన్నాక గోడలున్న ఇంట్లో పోవాలే, నలుగురూ గుమ్మంలోంచి లోపలికొచ్చి సూడాలే" అనేది అత్త. అంతకుమించి ఆవిడ మమ్మల్ని ఏమీ అడగలేదు. చీర అడగలేదు, మందులూ అడగలేదు.

కొల్లేట్లో చెరువుల గట్లన్నీ ప్రభుత్వం పొక్లెయిన్లు పెట్టి కొట్టించిన ఏడాది మా పాక కూడా గట్టుతోపాటు నీళ్ళలో కలిసిపోయింది. మా ఆయన ఆ చెరువులకి మేత మోసేవాడు. చెరువుల్లేవు కాబట్టి పని లేదు. లంకలో మా బావగారికి ఇల్లుంది గానీ, ఆ ఇంట్లో తోడికోడలికీ అత్తకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మా ఆయనకి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే పని కుదిరింది. గూడెంలో ఇల్లు దొరకలేదు, ఏలూరులో దొరికితే ప్యాసింజరు బండిలో వెళ్ళి రావచ్చు అనుకున్నాం. చంకలో మూడేళ్ళ పాప, ఆటోలో ఆయాసంతో అత్త. అలా వీధి వీధీ తిరిగాం.

చివరికి ఇల్లు ఇచ్చింది ఒక రిటైరైన తెలుగు మాస్టారు. ముందు భాగంలో ఆయనా, పక్షవాతం వచ్చి మంచాన ఉన్న ఆయన భార్యా ఉండేవారు. వెనక రెండు గదులూ ఒక వంటగదీ అద్దెకి. ఒకటే గేటు, ఒకటే కప్పు. ఆయన అత్త వైపు చూశారు. చూసి, "కూర్చోండమ్మా, ఎండన పడి వచ్చారు" అని కుర్చీ తెప్పించారు. ఆఖరి ప్రశ్న అడగలేదు. గేటు బయటికొచ్చాక మా ఆయన నా వంక చూసి నవ్వాడు. ఆ ఏడాదిలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

మేము సామాను వేసుకుని వచ్చిన రోజు మాస్టారు ఊళ్ళో లేరు. భార్యని తీసుకుని గూడెంలో కూతురింటికి వెళ్ళాల్సి వచ్చిందట. వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతనికి తాళాలు ఇచ్చి వెళ్ళారు. తలుపు తీసి చూస్తే ఇల్లు కడిగి ముగ్గు పెట్టి ఉంది. వంటగది గట్టు మీద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో పాల పేకెట్టు పెట్టారు, విరిగిపోకుండా. పక్కన చిన్న పసుపు పొట్లం, అగ్గిపెట్టె. వాటికింద, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా బరువు పెట్టిన కాగితాలు.

ఏం రాత అది! నల్ల సిరాతో, గీతల్లేని తెల్లకాగితం మీద తాడు లాగినట్టు తిన్నగా వరసలు. ప్రతి తలకట్టూ విడిగా, ప్రతి ఒత్తూ దాని చోట అది. నేను లంకలో ఏడో తరగతి వరకూ చదివాను. బొత్తిగా ఉత్తరాలు రాని ఇంట్లో పెరిగాను. నాకోసమని ఎవరైనా కూర్చుని ఇంత రాయడం అదే మొదటిసారి. గుమ్మానికి చేరగిలబడి కూర్చున్న అత్త, "ఏం రాసాడే, సదువు" అంది. చదివాను.

"కొత్తగా ఈ ఇంటికి వస్తున్న మీకు ఆశీస్సులు. మీరు వచ్చేసరికి నేను ఉండలేకపోతున్నందుకు మన్నించండి. ముందుగా తూర్పు వైపు పొయ్యి పెట్టి పాలు పొంగించుకోండి. మునిసిపాలిటీ కుళాయి తెల్లవారుజామున వస్తుంది, మొదట వచ్చే నీళ్ళు ఎర్రగా ఉంటాయి, ఒక బిందె వదిలేసి పట్టుకోండి. కాచి చల్లార్చి తాగండి, పాపకి తప్పనిసరిగా. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అప్పుడు మా వైపు తొట్టెలో నీళ్ళు తోడుకోవచ్చు, అడగనక్కరలేదు. బోరు నీళ్ళు ఉప్పన, పప్పు ఉడకదు. మోటారు స్విచ్చి మెట్ల కింద ఉంది, తడి చేత్తో ముట్టుకోకండి, ఒకసారి షాకు కొట్టింది. వెనక గది ఫ్యాను మొదట కదలదు, కర్రతో ఒకసారి తోస్తే తిరుగుతుంది. పెద్ద వాన వస్తే దొడ్లో తూము ఎదురు తంతుంది, బియ్యం బస్తా నేల మీద పెట్టకండి."

ఇంకా ఉంది. పాలవాడు ఏ వేళకి వస్తాడో, గ్యాసు బండ కోసం ఎవరికి చెప్పాలో, పాపని ఏ బడిలో వేస్తే నడిచి వెళ్ళొచ్చో, ఏ డాక్టరు అనవసరంగా సూదులు పొడవడో, అన్నీ ఉన్నాయి. కరెంటు మీటరు ఇద్దరికీ ఒకటే కాబట్టి ఎలా పంచుకోవాలో రాశారు. పక్కింటావిడ కోపంగా మాట్లాడుతుంది గానీ మనసు మంచిదని రాశారు, అది నిజమే, తర్వాత చూశాను. పెద్దావిడకి మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి దొడ్డివైపు వాకిట్లో ఇటుకలు పేర్చి చిన్న మెట్టు కట్టించానని కూడా రాశారు. వెళ్ళి చూశాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

ఆఖర్న ఇలా ఉంది: "దీన్ని అద్దె ఇల్లని ఎన్నడూ అనుకోకండి. మంచికీ చెడుకీ ఇది మీ ఇల్లే."

అత్త ఆయాసం ఆపుకుని, "మళ్ళీ సదువు, ఆ సివర్ది" అంది.

చదివాను.

"చెడుకీ అన్నాడా?"

"అన్నారు అత్తా."

"చెడంటే ఇంకేటుంటాదే. అదే కదా." అని గోడని అరచేత్తో తడిమింది. "సున్నం బాగా ఏయించాడు" అంది. ఆ వేళ పాలు పొంగాక మొదటి గ్లాసు ఆవిడే తాగింది.

అప్పటినుంచి అదే మాట. కాళ్ళ వాపు దిగని రోజున, పడుకోలేక కూర్చునే తెల్లవార్చిన రోజున, "పర్వాలేదులే, మాస్టారు రాసిచ్చాడుగా" అనేది. కూరలమ్మే ఆవిడకి చెప్పింది. పక్కింటావిడకి చెప్పింది. ఎదురింటివాళ్ళు అప్పుడే అదోలా చూశారు. వాళ్ళు పట్నం వాళ్ళు, రాసిన మాటకీ అనుకున్న మాటకీ మధ్య ఎంత దూరం ఉంటుందో వాళ్ళకి తెలుసు. మాకు తెలీదు. లంకలో రాత అంటే పట్టా మీద ఉండేది, కోర్టు కాగితం మీద ఉండేది. గట్లు కొట్టేస్తామని గోడకి అంటించిన కాగితం మీద ఉన్నట్టే కొట్టేశారు. రాసినది జరుగుతుంది. చదువుకున్నవాళ్ళు రాస్తే మరీ జరుగుతుంది. అత్త బతుకులో నేర్చుకున్న చదువు అంతే.

మాస్టారు మంచివాడే. ఆ మాట అనకపోతే నాకు కళ్ళు పోతాయి. పాపకి అక్షరాలు దిద్దించారు. మా ఆయన భుజం మీద బస్తా తాడు కోసుకుపోతే మందు రాసి కట్టుకట్టారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్తని "ఈ పూట ఆయాసం ఎలా ఉందండీ" అని అడిగేవారు. అత్త నవ్వేది. ఆయన్ని చూస్తే ఆవిడకి ఇల్లు చూసినట్టే ఉండేది.

భాద్రపదం వానల్లో అత్తకి ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది. పెద్దాసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్ళు ఉంచుకుని, ఒక పొద్దున డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఇంక మేం చేసేది ఏం లేదమ్మా. ఇవాళో రేపో. ఇంటికి తీసుకెళ్ళండి, మీ మనుషుల మధ్య ఉంటే ఆవిడకి హాయిగా ఉంటుంది" అంది. ఇంటికి అన్న మాట వినగానే అత్త కళ్ళు తెరిచింది.

ఆటోలో వేసుకుని గేటు దగ్గర ఆగాం. అత్త తల నా ఒళ్ళో ఉంది, పాప నా పక్కన. చెప్పకుండా లోపలికి తీసుకెళ్ళడం మర్యాద కాదని మా ఆయన దిగి మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మర్యాదని ఏమనను! ఆటో నేరుగా దొడ్డివైపు పోనిచ్చి ఉంటే ఎవరేం చేసేవారు?

మాస్టారు గబగబా బయటికొచ్చారు. అత్తని చూశారు. డాక్టరు ఏమందో అడిగారు. మా ఆయన చెప్పాడు. ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి కళ్ళజోడూ పంచాంగమూ తెచ్చుకున్నారు. గేటు గోడ మీద పెట్టి, వేలితో వరస వెంబడి పోతూ చూశారు.

"ఇవాళ శ్రవణం" అన్నారు మెల్లగా. "రేపట్నుంచి ధనిష్ఠా పంచకం బాబూ. అయిదు నక్షత్రాలు. ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. మీ భాగమూ మా భాగమూ ఒకటే కప్పు. మా ఆవిడని మంచంతో సహా ఎక్కడికి మొయ్యను? గూడెంలో అల్లుడింట్లో ఆర్నెల్లా?"

మా ఆయన తల దించుకున్నాడు. "అవునండీ" అన్నాడు. అవునండీ అట!

"ఊపిరి ఉండగానే మీ లంకకి తీసుకెళ్ళిపోండి. అన్నగారిల్లు ఉంది కదా. అక్కడైతే సొంత ఇల్లు, ఎవరూ ఏమీ అనరు" అన్నారు మాస్టారు. నేను ఒప్పుకుంటాను, ఆయన బాధ నటన కాదు. లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి అత్త మీద కప్పారు. నీళ్ళ సీసా ఇచ్చారు. అంత దూరం రానని గొణుగుతున్న ఆటో అతన్ని ఆయనే బతిమాలి ఒప్పించారు.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "దింపరేటే?"

"ఊరెళ్దాం అత్తా. బావగారింటికి."

"ఇల్లిదేగా." మాట మాటకీ ఊపిరి అందడం లేదు. "రాసాడుగా."

వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది, అయినా ఊరుకోలేకపోయాను. "మాస్టారూ, మీరే రాశారు కదండీ, మంచికీ చెడుకీ ఇది మీ ఇల్లే అని" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "అది మర్యాదకి రాసే మాటమ్మా" అన్నారు. చాలా మెల్లగా అన్నారు, అత్తకి వినపడకూడదని. వినపడింది. ఆవిడ నా చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది.

కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తాయని రాశారు, ఎర్రగానే వచ్చాయి. ఫ్యాను కర్రతో తొయ్యాలన్నారు, తోస్తేనే తిరిగింది. వాన వస్తే తూము ఎదురు తంతుందన్నారు, తన్నింది. అన్ని కాగితాల్లోనూ ఒక్క మాట మర్యాదకి రాసిందని మేము ఎలా కనుక్కోవాలి? తెలుగు మాస్టార్లకి ఆఖరి వాక్యం బాగా కుదరాలన్న యావ ఉంటుందేమో. పెళ్ళి శుభలేఖల్లో, వీడ్కోలు సభల్లో రాసి రాసి చెయ్యి దానంతట అదే రాసేస్తుందేమో. ఆ వాక్యం మీద ఒక మనిషి ఒళ్ళు వాల్చుకుని ఉందని ఆయనకి తట్టి ఉండదు.

దారంతా వాన. కొల్లేరు నిండి రోడ్డు మీదికి వచ్చేసింది. ఐసు పెట్టెలతో ఆకివీడు పోయే లారీలు మా పక్కనుంచి వెళ్తుంటే నీళ్ళు ఆటోలోకి కొట్టేవి. నేను దుప్పటితో అత్త ముఖం కాచాను. లంకకి వెళ్ళే బాట మునిగిపోయింది. పడవ రేవు దగ్గర ఆటో ఆపేశాడు. మా బావగారికి కబురు చేసి, నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాం. అవతల లంకలో ఇళ్ళు కనిపిస్తున్నాయి, వాటిలో బావగారి పెంకుటిల్లు కూడా. అత్త ఊపిరి ఒకటి వచ్చాక ఇంకోటి రావడానికి చాలాసేపు పట్టేది. పాప "నానమ్మ నిద్రపోతోందా" అంది. అవునన్నాను. ఆ తర్వాత చూస్తే ఇంకో ఊపిరి రాలేదు.

బావగారు పడవ గట్టుకి ఆనించి, దిగకుండానే అడిగాడు. "ఊపిరుందా?"

మా ఆయన లేదని తలూపాడు.

బావగారు గెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కన్నతల్లి కదా, ఏడ్చాడు. ఏడుస్తూనే అన్నాడు. "ఊరి బయట పోయిన మనిషిని ఊళ్ళోకి తేకూడదురా. పెద్దలు ఒప్పుకోరు. నీకు తెలుసు కదా."

మా ఆయన దానికీ "అవునన్నయ్యా" అన్నాడు.

నాలుగు గెడలు పాతి చుట్టూ చీర కట్టి, రేవులోనే స్నానం చేయించాం. పైన టార్పాలిన్ వేశారు, వాన దాని మీద దబదబా పడింది. లంకలో ఆడవాళ్ళు పడవల మీద వచ్చి బురదలో నిలబడి చూసి వెళ్ళారు. లోపలికి రావడానికి గుమ్మం లేదు. నేను కాళ్ళు కడుగుతూ, అత్తా, ఈసారి తవుడు లేదులే అనుకున్నాను. అంతకంటే ఆవిడకి చెప్పగలిగిన మంచి మాట నాకు దొరకలేదు.

పెద్దకర్మ అయ్యాక ఏలూరు వచ్చాం. వేరే ఎక్కడికి వెళ్తాం? మాస్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, మాకోసం ఎదురుచూస్తున్నట్టు. బాగా చిక్కిపోయారు. పాపని ఎత్తుకోబోయి ఆగిపోయారు. ఏదైనా మంచి మాట చెప్పాలని ఆయన తపన, అది ముఖంలో కనిపిస్తోంది.

"ఏ వేళకి పోయారమ్మా?" అన్నారు.

చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి పంచాంగం చూసుకుని వచ్చారు. ముఖం తేటపడింది.

"శ్రవణంలోనే వెళ్ళిపోయారమ్మా. ధనిష్ఠ ఇంకా రాలేదు. ఏ దోషమూ లేదు. పుణ్యాత్మురాలు" అన్నారు.

నేను ఆయన వంక చూశాను. "అయితే ఇక్కడే పోయుండేది మాస్టారూ" అన్నాను. "మీ ఇల్లు ఒక్క పూట కూడా మూయక్కర్లేకపోయేది."

మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు, పెద్దాయనతో ఆ మాటేంటని.

వేరే ఇల్లు వెతికాం. దొరకలేదు. ఆ ఇంట్లోనే ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాం. రోజూ పొద్దున నేను కుళాయి దగ్గరికి వెళ్తుంటే మాస్టారు అరుగు మీంచి "బాగున్నారా అమ్మా" అనేవారు. రోజూ నేను "బాగున్నామండీ" అనేదాన్ని.